బటన్ మీద రెండు మాటలు

2007 డిసెంబరులో బరాక్ ఒబామా ఎన్నికల ప్రచార బృందం తమ వెబ్‌సైట్‌లో ఒక పరీక్ష పెట్టింది. వచ్చినవాళ్లు ఈమెయిల్ ఇచ్చి చేరాలి. బటన్ మీద అప్పటిదాకా ‘సైన్ అప్’ అని ఉండేది. దానికి పోటీగా మరో మూడు రకాలు రాసి, మూడు లక్షల పైచిలుకు సందర్శకులకు తలా ఒకటి చూపించారు. ‘సైన్ అప్ నౌ’, ‘జాయిన్ అజ్ నౌ’ అని తొందరపెట్టినవి ఓడిపోయాయి. ‘లెర్న్ మోర్’ గెలిచింది. పాత మాట కన్నా 18.6 శాతం ఎక్కువ ఫలితం ఇచ్చింది.

అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని సంతకం పెట్టమంటే వెనకాడతాడు. ‘వివరాలు చూడండి’ అంటే లోపలికి వస్తాడు. అయితే ఇది ప్రతిచోటా పనిచేసే మంత్రం కాదు. అంతా తెలుసుకుని, పేరు ఇవ్వడానికే వచ్చినవాళ్లకు అదే మాట అడ్డు పడుతుంది.

ఒక వీణ టీచర్ ఆదివారం ఉచిత తరగతి పెడుతున్నారనుకుందాం. ‘వెంటనే రిజిస్టర్ చేసుకోండి! సీట్లు అయిపోతున్నాయి!’ అని రాస్తే అమ్మకందారు గొంతు వినిపిస్తుంది. అదే ఇలా రాస్తే: ‘ఆదివారం ఉదయం 10 గంటల తరగతికి పేరు ఇవ్వండి. వీణ తెచ్చుకోనక్కర్లేదు. పేరు, ఫోన్ నంబరు చాలు.’ చేయాల్సిన పని ఒక్కటే. ‘నా దగ్గర వీణ లేదే’ అన్న సంకోచం అడగకముందే తీరింది. సీట్లు నిజంగా పదే ఉంటే ‘పది మందికే చోటుంది’ అనవచ్చు. ఆ మాట నిజమై ఉండాలి.

కామెంట్లు రావాలంటే ప్రశ్న చిన్నదై ఉండాలి. ‘మీ అమూల్యమైన అభిప్రాయం తెలపండి’ అంటే ఏం రాయాలో తోచదు. ‘మీ ఇంట్లో ఆవకాయకు నువ్వుల నూనా, వేరుశనగ నూనా?’ అంటే జవాబు నాలుక చివరే ఉంటుంది. ఒకరు నువ్వుల నూనె అనగానే ఇంకొకరు తమ అమ్మమ్మ పద్ధతి చెబుతారు.

షేర్ల విషయంలో హద్దు దాటితే నష్టమే. లైక్ కొట్టండి, ట్యాగ్ చేయండి, షేర్ చేయండి అంటూ ఎగదోసే పోస్టులను తక్కువ మందికి చూపిస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. ‘పది మందికి పంపితే శుభవార్త వింటారు’ తరహా పోస్టులకు ఇది గట్టి దెబ్బ. ఎవరికి పనికొస్తుందో చెబితే బలవంతం అక్కర్లేదు: ‘ఇంటర్ పరీక్ష ఫీజు కట్టాల్సిన పిల్లలున్న ఇంటికి ఈ తేదీలు పంపండి.’

ఏ మాట పనిచేసిందో తేల్చడానికి వీణ టీచర్‌కూ దారి ఉంది. తనకున్న రెండు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రోజు, ఒకే వేళకు చెరో రకం పెట్టాలి. ఎన్ని పేర్లు వచ్చాయో చూడాలి. ఆదివారం ఉదయం చాపల మీద ఏ గ్రూపువాళ్లు ఎందరు కూర్చున్నారో కూడా లెక్కపెట్టాలి. తొందరపెట్టి రాయించుకున్న పేర్లు రాకపోతే అక్కడే తెలిసిపోతుంది.