సరుకు ఉంది, కంప్యూటర్‌కు తెలియదు

1999 జులైలో అమెరికాలోని హెర్షీ చాక్లెట్ కంపెనీ మూడు రకాల కొత్త సాఫ్ట్‌వేర్లను ఒక్కసారే పనిలోకి దించింది. ఈఆర్‌పీకి ఎస్ఏపీ ఆర్3, సరఫరా ప్రణాళికకు మాన్యుజిస్టిక్స్, ఖాతాదారుల వ్యవహారాలకు సీబెల్. మొత్తం ఖర్చు 11.2 కోట్ల డాలర్లు. అక్టోబరు 31న హాలోవీన్ పండగ. అక్కడ మిఠాయిలకు అది పెద్ద గిరాకీ కాలం. ఆ సీజన్‌లో దాదాపు 10 కోట్ల డాలర్ల విలువైన ఆర్డర్లకు హెర్షీ వేళకు సరుకు పంపలేకపోయింది. ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది. సరుకు తయారు కాకపోవడం దీనికి కారణం కాదు. చాలా మటుకు సరుకు సిద్ధంగానే ఉంది. దాన్ని కదిలించడమే కుదరలేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో అడుగుపెడుతున్న పిల్లలకు ఈఆర్‌పీ, సీఆర్‌ఎం, సప్లై చైన్ ప్లానింగ్, ఎంఈఎస్ అనే పేర్లు అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద విడివిడి కోర్సులుగా కనిపిస్తాయి. విడివిడిగా నేర్చుకుంటే హెర్షీకి ఏమైందో అర్థం కాదు. ఒకే ఆర్డరు ఈ నాలుగింటి గుండా ఎలా నడుస్తుందో చూస్తే అర్థమవుతుంది. మనకు తెలిసిన పరిశ్రమే తీసుకుందాం. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఉండేలాంటి ఒక మాత్రల ఫ్యాక్టరీని ఊహించుకోండి.

500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్రలు 20,000 డబ్బాలు 15వ తేదీకల్లా కావాల్సి రావచ్చని ఒక డిస్ట్రిబ్యూటర్ సేల్స్ ఉద్యోగితో అంటాడు. ఆ మాట మొదట సీఆర్‌ఎంలోకి ఎక్కుతుంది. అడిగింది ఎవరు, ఎంత, ఎప్పటికి, ఏ ధర చెప్పాం, ఆర్డరు ఖాయమయ్యే అవకాశం ఎంత, ఇవన్నీ అందులో ఉంటాయి. సేల్స్ ఉద్యోగి 60 శాతం అని రాశాడనుకుందాం. అది అంచనాయే తప్ప అమ్మకం కాదు. రేపు డిస్ట్రిబ్యూటర్ మనసు మార్చుకున్నా కంపెనీ లెక్కల్లో ఒక్క రూపాయి తేడా రాదు.

పర్చేజ్ ఆర్డరు చేతికొచ్చాక వ్యవహారం ఈఆర్‌పీకి చేరుతుంది. ఇక్కడి నుంచి ప్రతి అడుగుకూ డబ్బు లెక్క ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ పాత బాకీ క్రెడిట్ పరిమితి దాటిందా, జీఎస్టీ ఎంత, ఏ గోడౌన్‌లో ఎంత సరుకుందని ఈఆర్‌పీ చూస్తుంది. స్టాకులో 8,000 డబ్బాలున్నాయి. ఇంకా 12,000 తయారు చేయాలి. డబ్బాకు పది స్ట్రిప్పులు, స్ట్రిప్పుకు పది మాత్రలు. అంటే 12 లక్షల మాత్రలు, వాటికి 600 కిలోల పారాసెటమాల్. వీటితో పాటు పిండి పదార్థం, అల్యూమినియం ఫాయిల్, అట్టపెట్టెలు ఎన్ని కావాలో కూడా ఫార్ములా పట్టికను బట్టి లెక్కగడుతుంది. ఈ లెక్కనే ఫ్యాక్టరీల్లో ఎంఆర్‌పీ రన్ అంటారు. తయారీకి ఆరు రోజులు పడుతుందని పట్టికలో ఉంటే, 15 నుంచి ఆరు వెనక్కి లెక్కపెట్టి 9న మొదలుపెట్టమంటుంది.

కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. మామూలు ఎంఆర్‌పీ లెక్క మెషీన్ ఖాళీగా ఉందో లేదో చూడదు. పట్టికలో ఆరు రోజులని రాసి ఉంటే, పని ఎంత పేరుకుపోయినా దానికి ఆరు రోజులే. మాత్రలు నొక్కే కంప్రెషన్ మెషీన్ మీద 12వ తేదీ దాకా వేరే మందు నడుస్తోంది. అది అయ్యాక మెషీన్‌ను విప్పి కడిగి, పాత మందు ఆనవాలు లేదని పరీక్షలో తేలాకే కొత్త మందు ఎక్కించాలి. ఈ అడ్డంకులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడటం ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ పని. పారాసెటమాల్‌ను ముందుకు జరిపితే ఏ ఆర్డరు ఆలస్యమవుతుంది, ఇంకో యూనిట్‌లో చేయిస్తే రవాణా ఖర్చెంత అని బేరీజు వేసి, 8,000 డబ్బాలు వెంటనే, మిగతావి 18న ఇవ్వగలమని తేలుస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌కు ఆ మాట ఈరోజే చెప్పడం వ్యాపారానికి మేలు. 15న చెబితే తగాదా. ఈ రంగంలో తొలినాళ్లలో గొప్ప పేరు తెచ్చుకున్న ఐ2 టెక్నాలజీస్‌ను 1988లో అమెరికాలో నెలకొల్పినవారిలో ఒకరైన సంజీవ్ సిద్ధు, మన ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివినవాడు.

తేదీ ఖాయమయ్యాక పని షాప్ ఫ్లోర్‌కు, అంటే మెషీన్లు నడిచే చోటుకు దిగుతుంది. అక్కడిది ఎంఈఎస్ రాజ్యం. తూకం గదిలో ఆపరేటర్ పొడి డ్రమ్ము మీద బార్‌కోడ్ స్కాన్ చేస్తాడు. అది ఈ బ్యాచ్‌కు కేటాయించిన లాట్ కాకపోయినా, నాణ్యత విభాగం ఇంకా పాస్ చేయకపోయినా స్క్రీన్ ముందుకు కదలదు. తూకం అంకెను ఎవరూ చేత్తో కొట్టరు. త్రాసు నుంచే నేరుగా వస్తుంది. హద్దు దాటితే ఆపేస్తుంది. ఎవరు తూచారు, ఎవరు సరిచూశారు, ఏ నిమిషంలో అన్నది ఎలక్ట్రానిక్ సంతకాలతో నిలిచిపోతుంది. అమెరికాకు మందులు పంపే కంపెనీలకు ఇలాంటి రికార్డుల విషయంలో అక్కడి ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధనలు వర్తిస్తాయి. ప్లానింగ్ వారాలు, రోజుల లెక్కన ఆలోచిస్తే ఎంఈఎస్ సెకన్ల లెక్కన చూస్తుంది. బ్యాచ్ ముగిశాక 603 కిలోలు వాడాం, 11.8 లక్షల మంచి మాత్రలు వచ్చాయి అనే సారాంశం మాత్రం ఈఆర్‌పీకి పైకి పంపుతుంది. ఆ అంకె అందితేనే 200 డబ్బాలు తగ్గాయని ఈఆర్‌పీకి, దాని ద్వారా ప్లానింగ్‌కు, చివరికి డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడే సేల్స్ ఉద్యోగికి తెలుస్తుంది.

ఇప్పుడు హెర్షీ దగ్గరికి వద్దాం. సీజన్ ముందు సరుకు పోటెత్తినప్పుడు ఆ కంపెనీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేది. అద్దె గోడౌన్లలో, ఫ్యాక్టరీలో ఖాళీగా ఉన్న గదుల్లో కూడా. ఏ సరుకు ఎక్కడుందో పాత ఉద్యోగులకు నోటికి తెలుసు. ఆ చోట్లు కొన్ని ఎస్ఏపీలో నిల్వ స్థలాలుగా నమోదు కాలేదు. నమోదు కాని చోట ఉన్న సరుకు ఈఆర్‌పీ దృష్టిలో లేనట్టే. లేని సరుకును ఆర్డరుకు కేటాయించదు, లారీకి ఎక్కించమనదు. దానికి తోడు మూడు సాఫ్ట్‌వేర్లనూ ఒకేసారి మొదలుపెట్టారు. గడువు కుదించారు. అదీ గిరాకీ పెరిగే వేళలో. ఎంత మంచి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ అయినా కింది నుంచి వచ్చే స్టాకు అంకె తప్పయితే తప్పు ప్రణాళికనే చాలా వేగంగా ఇస్తుంది.

మీరు చేరే ప్రాజెక్టులో ఇలాంటి జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఈఆర్‌పీలో గత నెల బ్యాచ్‌ల వాడకం చూడండి. ప్రతి బ్యాచ్‌కూ సరిగ్గా 600 కిలోలే అని ఉంటే అనుమానించాలి. నిజమైన ఫ్యాక్టరీలో ఒకసారి 603, ఇంకోసారి 598 ఉంటుంది. అన్నీ ఒక్కటే అంకె అయితే, అక్కడ ఎవరూ అసలు వాడకాన్ని నమోదు చేయడం లేదు. తయారైన మాత్రలను బట్టి ఫార్ములా ప్రకారం ముడిసరుకును ఈఆర్‌పీయే తగ్గించేసుకుంటోంది. దీన్ని బ్యాక్‌ఫ్లష్ అంటారు. స్క్రూలు, అట్టపెట్టెల వంటి చవక వస్తువులకు ఇది సరిపోతుంది. ఖరీదైన మందు పొడికి వాడితే, ఒలికిపోయినదీ పాడైనదీ లెక్కలోకి రాకుండా నెలనెలా పేరుకుని, ఏడాది చివర గోడౌన్‌లో స్టాకు లెక్కపెట్టేనాడు ఒక్కసారిగా బయటపడుతుంది. ఆలోగా ఆ పొడి ఉందనుకుని ప్లానింగ్ ఎన్ని తేదీలు ఇచ్చిందో, ఆ తేదీలను నమ్మి సేల్స్‌వాళ్లు ఎందరికి మాటిచ్చారో వెతుక్కోవాలి.