44ఏడీఏలో రిటర్న్ వేశాం, బ్యాంకులో డబ్బు ఎక్కువ కనిపించింది: నోటీసుకి జవాబు ఎలా?

ఫ్రీలాన్స్ చేసేవాళ్లలో చాలామందికి 44ఏడీఏ గురించి ఒక్క ముక్కే తెలుసు: "వచ్చినదాంట్లో సగం ఆదాయంగా చూపిస్తే చాలు, లెక్కలు రాయక్కర్లేదు." నిజమే. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, మనలాంటి ఐటీ వాళ్లు ఏడాదికి 50 లక్షల దాకా వసూళ్లుంటే ఈ సెక్షన్ వాడుకోవచ్చు. క్యాష్ 5 శాతం మించకపోతే ఆ లిమిట్ 75 లక్షలు.

మరి సగం చూపించి, ట్యాక్స్ కట్టి, ఐటీఆర్-4 వేసిన మనిషికి నోటీసు ఎందుకొస్తుంది? ఎందుకంటే చట్టం వదిలేసింది ఖర్చుల లెక్కని. వసూళ్ల లెక్కని కాదు. ల్యాప్‌టాప్‌కి ఎంత, కరెంటుకి ఎంత అని అడగరు. "మొత్తం ఎంత వచ్చింది?" అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది. సగం అనేది ఆ మొత్తంలోంచి తీసే సగమే కదా.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు నేనే వేసుకున్నవి, కానీ మన దగ్గర ఇళ్లల్లో డబ్బు తిరిగే తీరు ఇదే. కొల్లాపూర్‌లో ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేసే ఒక కుర్రాడు. 2024-25లో వసూళ్లు 18 లక్షలు, ఆదాయం 9 లక్షలు అని గత సెప్టెంబర్‌లో రిటర్న్ వేశాడు. తర్వాత 143(2) కింద స్క్రూటినీ నోటీసు, దాని వెనకాలే 142(1) కింద ప్రశ్నలు. బ్యాంకు ఖాతాల్లో ఆ ఏడాది క్రెడిట్ అయింది 34,60,000. మీరు చూపింది 18,00,000. మిగతా 16,60,000 ఏంటి?

ముందు ఆ నోటీసు అసలుదో కాదో చూడాలి. దానిమీద డిన్ అనే నంబర్ ఉంటుంది. incometax.gov.in హోమ్ పేజీలో `Authenticate Notice/Order Issued by ITD` దగ్గర ఆ నంబర్ వేస్తే తెలిసిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన లింక్ మాత్రం నొక్కొద్దు.

ఇప్పుడు ఆ 16.6 లక్షలు. బ్యాంకు స్టేట్‌మెంట్‌ని షీట్‌లోకి తెచ్చుకుని, క్రెడిట్ వచ్చిన ప్రతి వరస పక్కన అది ఏ రకం డబ్బో ఒక ట్యాగ్ రాయాలి. బోరింగ్ పని, కానీ కేసు మొత్తం ఇక్కడే తేలుతుంది. క్రెడిట్లు డీ కాలమ్‌లో, ట్యాగ్‌లు ఈ కాలమ్‌లో ఉంటే ఒక్కో రకం మొత్తం ఇలా వస్తుంది:

```
=SUMIFS(D:D, E:E, "own")
```

మనవాడికి తేలిందేంటంటే, 5 లక్షలు తన కరెంట్ ఖాతా నుంచి తన సేవింగ్స్‌కే పంపుకున్నవి. ఒకే డబ్బు రెండుసార్లు లెక్కపడింది. 4,20,000 నాన్న మామిడి డబ్బు. 3 లక్షలు ఎత్తుకున్న చిట్టీ. 2 లక్షలు గోల్డ్ లోన్. 60 వేలు ఫ్రెండ్స్‌తో టూర్ వెళ్లినప్పుడు తన కార్డు మీద కట్టినవి తిరిగొచ్చాయి, కొన్ని రీఫండ్లు. ఇంకా 1,80,000 మిగిలింది. అది ఊళ్లో చిన్న షాపులకి సైట్లు చేసినందుకు ఫోన్‌పేలో వచ్చింది. ఆ ముక్క నిజంగానే రిటర్న్‌లో లేదు.

ట్యాగ్ రాస్తే సరిపోదు, ప్రతిదానికీ కాగితం కావాలి. సొంత ఖాతాల మధ్య పంపుకున్నదానికి రెండు స్టేట్‌మెంట్లూ పెట్టి, అదే తేదీ, అదే యూటీఆర్ నంబర్ చూపిస్తే చాలు. గోల్డ్ లోన్‌కి శాంక్షన్ లెటర్. చిట్టీ రిజిస్టర్డ్ కంపెనీదైతే పాస్‌బుక్, డబ్బు ఇచ్చిన రసీదు ఉంటాయి. గల్లీ చిట్టీ అయితే కష్టం, సభ్యులు రాసిచ్చిన కాగితం తప్ప ఏమీ ఉండదు, అధికారి నమ్మాలని లేదు.

మామిడి డబ్బు దగ్గర చాలామంది "వ్యవసాయ ఆదాయం, ట్యాక్స్ లేదు" అని ఒక లైన్ రాసి వదిలేస్తారు. అది చాలదు. భూమి నాన్న పేరు మీద ఉంది, డబ్బు కొడుకు ఖాతాలో ఎందుకు పడింది అన్నది అసలు ప్రశ్న. నాన్న పట్టాదారు పాస్‌బుక్, బాటసింగారం మార్కెట్‌లో కమీషన్ ఏజెంట్ ఇచ్చిన తక్‌పట్టీ, ఆ డబ్బు తర్వాత నాన్నకి చేరినట్టు ఎంట్రీ, ఈ మూడూ కలిస్తే కథ నిలబడుతుంది. తక్‌పట్టీలు ఇంట్లో చూరులో పెట్టి మర్చిపోతారు, ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి.

కాగితం లేనప్పుడు చాలామంది చేసే పని: "ఫ్రెండ్ చేబదులు ఇచ్చాడు, క్యాష్‌గా" అని రాసేస్తారు. 20 వేలు, ఆపైన అప్పు క్యాష్‌లో తీసుకోవడమే 269ఎస్ఎస్ కింద తప్పు. పెనాల్టీ ఎంతో తెలుసా? తీసుకున్నంత. ఒక గుంత తప్పించుకోబోయి ఇంకో గుంతలో పడటమే.

ఇంకొకరు "మొత్తం 34.6 లక్షలూ నా వసూళ్లే అనుకోండి, సగానికి ట్యాక్స్ కట్టేస్తా" అంటారు. సర్వీసులకి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. మన ఉదాహరణలో నిజమైన వసూళ్లు 19,80,000, లోపలే ఉన్నాడు. అబద్ధంగా ఒప్పుకుంటే జీఎస్టీ వాళ్లూ వస్తారు.

ఇక్కడ ఎంత తేడా పడుతుందో చూడండి. జవాబు ఇవ్వకపోయినా, కాగితాలు లేకపోయినా అధికారి 69ఏ కింద "లెక్క చెప్పలేని డబ్బు" అని కలిపేయొచ్చు. ఆ ఏడాదికి దానిమీద 60 శాతం ట్యాక్స్, సర్‌ఛార్జ్, సెస్ కలిపి 78 శాతం. 16,60,000కి 12,94,800. పెనాల్టీ, వడ్డీ వేరే.

అదే కాగితాలతో జవాబిస్తే వాదన 1,80,000 దగ్గరికి తగ్గుతుంది. అది ఎవరిచ్చారో, ఏ పనికిచ్చారో చూపిస్తే అదీ వృత్తి వసూళ్లే, కాబట్టి సగమే, అంటే 90 వేలే కలపాలి అని అడగొచ్చు. కొత్త రెజీమ్‌లో అతను 10 శాతం స్లాబ్‌లో ఉన్నాడు. సెస్‌తో 9,360 రూపాయలు. వడ్డీ ఉంటుంది, తక్కువ చూపినందుకు ఆ ట్యాక్స్‌లో సగం పెనాల్టీ కూడా పడొచ్చు. అయినా పన్నెండు లక్షలెక్కడ, ఇదెక్కడ.

నెట్‌లో మీకు సురీందర్ పాల్ ఆనంద్ కేసు కనిపిస్తుంది. 2010లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఇచ్చిన తీర్పు. ప్రిజంప్టివ్ స్కీమ్‌లో ఉన్నవాళ్లు బ్యాంకులో వేసిన ప్రతి క్యాష్ డిపాజిట్‌కీ విడివిడిగా జవాబు చెప్పక్కర్లేదు అంది. పనికొస్తుంది, కానీ చూసి వాడండి. అది వ్యాపారులకిచ్చే 44ఏడీ మీద వచ్చింది, పైగా డిపాజిట్ మీ వసూళ్లకి సంబంధించినదైతేనే. మామిడి డబ్బుకీ చిట్టీకీ ఆ తీర్పు గొడుగు పట్టదు.

జవాబు పోర్టల్‌లో `Pending Actions` లో `e-Proceedings` లోకి వెళ్లి ఇవ్వాలి. మొదటి పేజీలో 34.6 నుంచి 18కి ఎలా దిగొచ్చిందో ఒక చిన్న పట్టిక, తర్వాత ప్రతి వరసకీ నంబర్ వేసిన కాగితాలు. టైమ్ చాలకపోతే గడువు లోపలే అక్కడే పొడిగింపు అడగండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చినా పాత ఏళ్ల కేసులు పాత సెక్షన్ల మీదే నడుస్తాయి, కాబట్టి ఈ నంబర్లు చూసి కంగారు పడొద్దు.

ఇంకా నోటీసు రాని వాళ్లు ఈ షీట్ పని ఇప్పుడే చేసుకోండి. మిస్సయిన వసూళ్లు దొరికితే అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకోవచ్చు. మొదటి ఏడాదిలోపు వేస్తే ట్యాక్స్, వడ్డీ మీద అదనంగా 25 శాతం, ఆలస్యమైన కొద్దీ పెరుగుతుంది. స్క్రూటినీ మొదలైతే ఆ ఏడాదికి ఈ తలుపు మూసేస్తారు.