తొలి ప్రదర్శన నాటి కృతజ్ఞతా ప్రసంగం: మాటతో తీరే ఋణమెంత?

కొత్త దర్శకుడు తన మొదటి చిత్రాన్ని తొలిసారి జనం ముందు ప్రదర్శించిన నాడు, తెర ముందు నిలబడి అయిదారు నిమిషాలు మాట్లాడడం ఆనవాయితీ. భారీ చిత్రాలకు అదొక మర్యాద మాత్రమే. అక్కడ పనిచేసినవారికి ముట్టవలసిన పైకం సాధారణంగా ఒప్పందం ప్రకారం ముడుతుంది. కృతజ్ఞత దానిపైన అదనం. చిన్న పెట్టుబడితో తీసిన చిత్రం సంగతి వేరు. అందులో కొందరు సగం జీతానికి, కొందరు భోజనం బేటాలకు మాత్రమే, మరికొందరు స్నేహం కొద్దీ పనిచేసి ఉంటారు. తమ శ్రమ నలుగురిలో గుర్తింపబడే మొదటి సందర్భం, ఒక్కొక్కరికి ఏకైక సందర్భం, ఆ ప్రసంగమే. అందుచేత దానిని మర్యాదగా కాక, లెక్క అప్పగించడంగా భావించాలి.

చిన్న చిత్రం ఎందరి చేతుల మీదుగా నడుస్తుందో తెలియడానికి మన చలనచిత్ర చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ 1955 నాటి బెంగాలీ చిత్రం ‘పథేర్ పాంచాలి’. సత్యజిత్ రాయ్‌కు అది తొలి చిత్రం. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రకు అప్పటికి 21 ఏళ్లు. అంతకు ముందు చలనచిత్ర కెమెరా నడిపిన అనుభవం లేదు. డబ్బు లేక చిత్రీకరణ మధ్యలో చాలాకాలం ఆగిపోయింది. దర్శకుని భార్య నగలు తాకట్టులోకి వెళ్లాయి. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇచ్చిన ధనంతో పని పూర్తయింది. ముసలి అత్త పాత్రలో జీవించిన చునీబాలా దేవి చిత్రం విడుదల కాకముందే కన్నుమూశారు.

మన భాషలో ‘కేరాఫ్ కంచరపాలెం’ అటువంటి శ్రమకు మరొక సాక్ష్యం. వెంకటేశ్ మహా తొలి చిత్రమైన అది 2018లో న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడి, సెప్టెంబరు 7న థియేటర్లకు వచ్చింది. విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే అత్యధిక పాత్రలు ధరించారు. నిర్మాత పరుచూరి ప్రవీణ స్వయంగా ఒక పాత్ర పోషించారు. ఇటువంటి చిత్రంలో ‘నటవర్గం’, ‘సాంకేతిక వర్గం’, ‘ఊరివారు’ అన్న గీతలు చెరిగిపోతాయి. ఒకే మనిషి మూడు చోట్లా కనబడతాడు. ఎవరికి దేనికి కృతజ్ఞత చెప్పాలన్న చిక్కు అక్కడే మొదలవుతుంది.

పేర్ల పట్టిక ఎలా సిద్ధమవుతుంది?

జ్ఞాపకాన్ని నమ్ముకొని వేదిక ఎక్కిన దర్శకుడు తప్పక ఎవరినో ఒకరిని మరచిపోతాడు. చిత్రీకరణలో రోజూ కళ్లెదుట ఉన్నవారు గుర్తుంటారు. కనబడకుండా పనిచేసినవారు జారిపోతారు. డబ్బింగ్ చెప్పిన గొంతులు, శబ్దాలు కూర్చిన సౌండ్ ఇంజనీరు, రంగులు సరిదిద్దిన నిపుణుడు ఏనాడూ చిత్రీకరణ స్థలానికి వచ్చి ఉండకపోవచ్చు. తెల్లవారుజామున టీ కాచిన ప్రొడక్షన్ బాయ్ వచ్చినా ఎవరి కంటా పడి ఉండడు.

కనుక పట్టికను మూడు కాగితాల నుండి తయారు చేయాలి. మొదటిది ఏ రోజు ఎవరు పనికి రావాలో తెలిపే కాల్‌షీట్లు. రెండవది ప్రొడక్షన్ మేనేజరు వద్దనుండే బేటా పుస్తకం. భోజనం చేసిన ప్రతివారి పేరూ సాధారణంగా అందులో దొరుకుతుంది. మూడవది చిత్రం చివర వచ్చే టైటిళ్ల జాబితా. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బేటా పుస్తకంలో ఉండి టైటిళ్లలో లేని పేర్లు బయటపడతాయి. ప్రదర్శనకు పది రోజుల ముందైనా ఈ పని జరిగితే టైటిళ్లు సరిచేయవచ్చు. థియేటరుకు పంపే డిజిటల్ ప్రతి సిద్ధమైన తరువాత ఒక్క పేరు చేర్చాలన్నా ఆ భాగాన్ని మళ్లీ తయారుచేసి, మళ్లీ పరీక్షించాలి. దానికి ఖర్చూ, సమయమూ రెండూ కావాలి. అంతవరకు ఆ లోటును ప్రసంగంలో పూరించడమే మార్గం.

‘ఉచితంగా చేశారు’ అన్న మాటలోని ప్రమాదం

కొత్త దర్శకులు ఆవేశంలో సర్వసాధారణంగా అనే మాట ఒకటి ఉన్నది: “వీళ్లంతా ఒక్క రూపాయి తీసుకోకుండా పనిచేశారు.” వినడానికి గొప్ప పొగడ్త వలె ఉంటుంది. కాని ఆ వరుసలో కూర్చున్న లైట్‌మన్‌కు చిత్రం విడుదలయ్యాక మిగిలిన పైకం ఇస్తామని చెప్పి ఉంటే, ఆ పొగడ్త అతని గుండెలో రాయి పడేస్తుంది. రెండు వందల మంది ఎదుట అతని బాకీ దానంగా మారిపోయింది. రేపు అతడు వచ్చి డబ్బు అడిగితే, ఇచ్చిన దానిని వెనక్కి అడిగినవాని వలె కనబడతాడు. పల్లెటూళ్లలో మాట పడిపోవడమంటే చిన్న విషయం కాదు.

కనుక ప్రసంగానికి ముందు పట్టికలోని ప్రతి పేరు పక్కన ఒక గుర్తు వేసుకోవాలి: పూర్తిగా పైకం ముట్టినవారు, బాకీ ఉన్నవారు, నిజంగా ఏమీ ఆశించక చేసినవారు. మూడవ వర్గానికే ‘ఉచితం’ అన్న మాట చెల్లుతుంది. బాకీ ఉన్నవారి శ్రమను మెచ్చుకోవాలి గాని, వారి డబ్బు విషయం వేదికపై ఎత్తరాదు. తేదీలూ వాగ్దానాలూ అసలే ప్రకటించరాదు. కొత్త చిత్రం ఎంత వసూలు చేస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు. ఆ సంగతి మరునాడు మేనేజరు సమక్షంలో, కాగితం మీద తేలవలసినది.

ఇంటి గుట్టుకూ ఇదే నియమం. ఎవరో గాజులు తాకట్టు పెట్టి సహాయం చేశారని, ఎవరో పొలం మీద అప్పు తెచ్చారని వారి అనుమతి లేకుండా చెప్పరాదు. ఆ సభలో వారి వియ్యాలవారు కూడా కూర్చుని ఉండవచ్చు.

ఒక ఉదాహరణ

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక తెలుగు పల్లె. అక్కడ 24 రోజులలో ఒక చిత్రం తీశారనీ, బ్రహ్మపురంలోని థియేటరులో ఉదయం ఆటగా తొలి ప్రదర్శన ఏర్పాటైందనీ అనుకుంటే, పట్టికలో 40 పేర్లున్నాయి. పేరునూ పనినీ కలిపి చదవడానికి ఒక్కొక్కరికి 5 సెకన్లు చొప్పున 200 సెకన్లు, అనగా మూడున్నర నిమిషాలు లోపే సరిపోతుంది. మరో ఆరుగురి గురించి ఒక్కొక్క సంఘటన చెబితే ఇంకో రెండు నిమిషాలు. మొత్తం ఆరు నిమిషాలు దాటదు. తరువాతి ఆటకు థియేటరు ఖాళీ చేయవలసి ఉంటుంది, పల్లెవారికి బస్సు వేళ ఉంటుంది. ఆ హద్దులలో ఇది ఇముడుతుంది.

ప్రసంగం చిత్రం ముగిసిన తరువాతనే ఉండాలి. ముందు చెబితే ఆ ముఖాలెవరివో ప్రేక్షకులకు తెలియదు. పేర్లు గాలిలో కలుస్తాయి. ముందు రెండు మాటల స్వాగతం చాలు. చివరి టైటిళ్లు మొదలు కాగానే జనం లేచి వెళ్లిపోతారు కనుక, చిత్రం తరువాత దర్శకుడు మాట్లాడతాడని ముందే చెప్పి, దీపాలు ఎప్పుడు వెలిగించాలో ఆపరేటరుతో మాట్లాడుకోవాలి.

ఆ ప్రసంగం ఇట్లా సాగవచ్చు:

“పెద్దలకు నమస్కారం. మొదట ఈ రోజు మన మధ్య లేని మనిషిని తలచుకుంటాను. మా చిత్రంలో నాయనమ్మగా నటించిన మామ్మ తనను తాను తెర మీద చూసుకోకుండానే వెళ్లిపోయింది. ఆమె కొడుకూ కోడలూ మూడవ వరుసలో ఉన్నారు. వారికి నా నమస్కారం. బావి సన్నివేశం నాడు జనరేటరు ఆగిపోతే, మా లైట్‌మన్ అన్నయ్య పక్క ఊరికి సైకిల్ మీద వెళ్లి మెకానిక్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. మీరిప్పుడు చూసిన ఆ వెలుగు అతనిది. పెళ్లి సన్నివేశానికి తమ ఇల్లు ఇచ్చిన పెదనాన్నగారు పదకొండు రోజులు పశువుల పాకలో పడుకున్నారు. చెప్పడానికి ఆయనే అనుమతి ఇచ్చారు. శబ్దం పట్టిన మిత్రునికి తెలుగు రాదు. అతనికి ఒడియాలోనే చెబుతాను: ఆపణంకు ధన్యబాద. ఇక మిగిలిన పేర్లు చదువుతాను. పేరు వినగానే దయచేసి లేచి నిలబడండి.”

ఈ మాటలలో విశేషణాలు లేవు. ‘మా యూనిట్ అంతా ఒక కుటుంబం వలె కష్టపడింది’ అన్న వాక్యం ఏ చిత్రానికైనా అతుకుతుంది. అందుచేత ఎవరికీ చెందదు. సైకిల్ మీద వెళ్లిన మనిషి మాత్రం ఒక్కడే. చేసిన పని చెబితే పొగడ్త దానంతట అదే వస్తుంది. సరిహద్దు పల్లెలలో తీసే చిత్రాలకు ఒడియా, కన్నడ, తమిళం, మరాఠీ మాట్లాడే పనివారు తోడవుతారు. వారి భాషలో ఒక్క వాక్యమైనా నేర్చుకొని, ముందురోజు వారి చేతనే దిద్దించుకోవాలి. పేర్ల ఉచ్చారణ కూడా అంతే. పేరు తప్పు పలికితే పిలవనట్లే లెక్క.

వరుస కూడా చూసుకోవాలి. నిర్మాతను, ముఖ్య నటులను మొదట తలచి, మిగిలినవారిని ‘ఇంకా ఎందరో’ అని ముగించడం అలవాటు. ఓపిక ఉన్న మొదటి నిమిషాలు అప్పటికే ప్రసిద్ధులైనవారికి పోతాయి. దానికి బదులు దివంగతులను, తరువాత కనబడని పనివారిని, పిమ్మట నటులను, చివర నిర్మాతను తలచితే ఎవరి గౌరవమూ తగ్గదు. నిర్మాతకు ఈ వరుస ముందే చెప్పి ఒప్పించడం మేలు.

ఎక్కడ తప్పిందో ఎలా తెలుస్తుంది?

పేర్లు చదువుతున్నప్పుడు దర్శకుడు కాగితం మీదనే దృష్టి నిలపక ప్రతి పేరు తరువాత సభను చూడాలి. అందరూ లేచిన తరువాత కూడా కూర్చొని తల వంచుకొన్న పనివాడు కనిపిస్తే, పట్టికలో అతడు లేడని అర్థం. అప్పటికప్పుడు అతని పేరు పలికి, పని చెప్పి లేపడం సిగ్గుపడవలసిన విషయం కాదు. సభ ముగిశాక గుర్తుకు వస్తే, ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్లి ఇంటివారి ఎదుట ఆ మాట చెప్పాలి. తరువాతి ప్రతిలో అతని పేరు చేర్చాలి.

కృతజ్ఞతా ప్రసంగం జీతానికి బదులు కాదు, టైటిల్‌లోని పేరుకూ బదులు కాదు. అది చేయగలిగినది ఒక్కటే: ఫలానా పని ఫలానా మనిషి చేశాడని, అతని తల్లిదండ్రులూ బిడ్డలూ ఇరుగుపొరుగువారూ వినేటట్లు సాక్ష్యం పలకడం. సాక్ష్యానికి కావలసినది కవిత్వం కాదు. పేరు, పని, నిజం. బాకీ ఉన్న చోట ఆ సాక్ష్యమే మరునాడు పనివానికి ఆధారమవుతుంది.