పడవ ఎక్కడ దిగాలి, కుక్క ఎక్కడ దూకాలి

నది వెడల్పు 1 కిలోమీటరు. ఇవతలి రేవులో ఒకాయన పడవ విప్పుతున్నాడు. ఆయన వెళ్లాల్సిన ఊరు అవతలి గట్టు మీదే ఉంది గానీ సరిగ్గా ఎదురుగా లేదు. ఎదురుగట్టు చేరాక 2 కిలోమీటర్లు దిగువకు పోవాలి. తెడ్డు వేస్తే ఆయన వేగం గంటకు 3 కిలోమీటర్లు, నడిస్తే 5. నీళ్లు నిలకడగా ఉన్నాయనే అనుకుందాం. ఊరికి తొందరగా చేరాలంటే పడవను ఎక్కడ ఒడ్డుకు చేర్చాలి?

ఇంటర్ గణితంలో గరిష్ఠ, కనిష్ఠ విలువల పాఠం చదివినవాళ్లకు ఇలాంటి లెక్క తగిలే ఉంటుంది. అవకలనం చేసి, సున్నాకు సమానం చేసి, జవాబు రాసి, మార్కులు తెచ్చుకుని మరిచిపోయి ఉంటారు. కానీ ఆ సున్నా వెనుక ఏం జరుగుతోందో కాగితం, కలం లేకుండానే చూడవచ్చు.

ముందు తేలిగ్గా తట్టే రెండు దారులు చూద్దాం. దూరం తక్కువ కదా అని పడవలోనే ఏటవాలుగా ఊరిదాకా పోతే దాదాపు 45 నిమిషాలు. నీటిలో నెమ్మది కదా అని నిట్టనిలువునా నది దాటి మిగతాదంతా నడిస్తే 20 నిమిషాల పడవ, 24 నిమిషాల నడక, మొత్తం 44. రెండు దారులూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం, అయినా ఫలితంలో తేడా నిమిషం కూడా లేదు. అసలైన దారి ఈ రెంటి నడుమ ఉంది. ఎదురుగట్టుకు 750 మీటర్లు దిగువన దిగితే పడవలో 25 నిమిషాలు, నడకకు 15. మొత్తం 40.

అక్కడే ఎందుకు? దిగే చోటును ఒక్క మీటరు దిగువకు జరిపి చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక మీటరు నడక తగ్గుతుంది, అంటే 0.72 సెకన్లు మిగులుతాయి. బదులుగా పడవ ప్రయాణం కొంచెం పెరుగుతుంది. నిట్టనిలువుగా దాటేటప్పుడు ఆ పెరుగుదల దాదాపు శూన్యం, కాబట్టి కాస్త దిగువకు జరగడం లాభమే. దారి వాలేకొద్దీ మాత్రం ఒక్కో మీటరు జరిపినందుకు పడవ దూరం మరింత ఎక్కువగా పెరుగుతూ పోతుంది. 750 మీటర్ల దగ్గర ఆ పెరుగుదల మీటరుకు 60 సెంటీమీటర్లు. ఆ 60 సెంటీమీటర్లు తెడ్డు వేయడానికి పట్టేది కూడా సరిగ్గా 0.72 సెకన్లే. వచ్చింది, పోయింది సరిపోయాయి. ఇంకా జరిపితే నష్టం, జరపకుండా ముందే ఆగినా నష్టం.

ఈ సరితూగే చోటును నిర్ణయించేది నదికి అడ్డంగా గీసిన గీత నుంచి పడవ దారి ఎంత కోణంలో వాలింది అన్నదే. ఆ కోణపు సైన్ విలువ నెమ్మది వేగాన్ని ఎక్కువ వేగంతో భాగిస్తే వచ్చేదానికి, అంటే ఇక్కడ 3/5కు, సమానం కావాలి. వెలుతురు గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు వంగడానికీ ఈ తూకమే ఆధారమని 1662లో ఫ్రెంచి గణితజ్ఞుడు పియెర్ ద ఫెర్మా చూపించాడు. తక్కువ కాలం పట్టే దారి అన్న ఒక్క షరతు నుంచి వక్రీభవన సూత్రాన్ని రాబట్టాడు.

చాలామందికి మింగుడుపడని విషయం ఇంకొకటుంది. ఊరు 2 కిలోమీటర్ల దూరంలో కాక 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నా దిగాల్సింది అదే 750 మీటర్ల దగ్గరే. పైన వేసిన తూకంలో ఊరి దూరం ఎక్కడా రాలేదు మరి! ఊరు 750 మీటర్లకన్నా దగ్గరుంటే మాత్రం నడక ఊసే లేదు, పడవలో నేరుగా పోవాలి.

నీరు కదిలితే లెక్క మారుతుంది. ప్రవాహం గంటకు 1 కిలోమీటరు చొప్పున ఊరివైపే పారుతుంటే పడవ ముక్కును ఇంకా దిగువకు తిప్పాలి. అప్పుడు ఎదురుగట్టుకు సుమారు 1,640 మీటర్ల దిగువన దిగుతాడు, ప్రయాణం 35 నిమిషాల లోపే ముగుస్తుంది. ప్రవాహం గంటకు 2 కిలోమీటర్లైతే నీటి వాలున పడవ నడకతో సమానంగా పోతుంది కాబట్టి గట్టు వెంట నడిచి మిగుల్చుకునేది ఏమీ ఉండదు.

ఈ లెక్కను 2003లో ఒక కుక్క వార్తల్లోకి తెచ్చింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని హోప్ కాలేజీలో గణితం చెప్పే టిమ్ పెన్నింగ్స్ తన కుక్క ఎల్విస్‌ను మిషిగన్ సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లి నీటిలోకి బంతి విసిరేవాడు. అది పొట్టికాళ్ల కోర్గీ జాతి కుక్క. నేరుగా నీళ్లలో దూకదు, బంతికి ఎదురుగా వచ్చేదాకా పరుగెత్తదు. కొంతదూరం ఒడ్డున పరుగెత్తి, మధ్యలో దూకుతుంది. పెన్నింగ్స్ దాని వేగాలు కొలిచాడు. ఇసుక మీద సెకనుకు 6.4 మీటర్లు, నీటిలో 0.91. అంటే ఏడింతల తేడా. ఈ లెక్కన బంతి ఒడ్డుకు 10 మీటర్ల లోపల ఉంటే, దానికి ఎదురుగా ఉన్న చోటుకు 1.44 మీటర్ల ముందే దూకాలి. ఆయన కుక్క వెనకే పరుగెత్తి, అది దూకినచోట ఇసుకలో స్క్రూడ్రైవర్ గుచ్చి, టేపు పట్టుకుని బంతి దాకా వెళ్లి కొలిచేవాడు. అలా పోగైన 35 కొలతల్లో చాలావరకు లెక్క గీసిన గీత పక్కనే పడ్డాయి.

ముచ్చటగానే ఉంది గానీ, ఇక్కడ ఒక అనుమానం రాక తప్పదు. కనిష్ఠ విలువ దగ్గర గ్రాఫు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. పడవ మనిషి 750కి బదులు 500 మీటర్ల దగ్గర దిగినా, 1,000 మీటర్ల దగ్గర దిగినా పోయేది దాదాపు 20 సెకన్లే. ఎల్విస్ 10 మీటర్ల బంతికి పూర్తిగా ఎదురు వచ్చేదాకా పరుగెత్తి దూకినా సెకనులో పదో వంతే నష్టం. ఇంత చిన్న తేడాను కుక్క కాలం లెక్కపెట్టి పసిగట్టిందంటే నమ్మడం కష్టం.

పియెర్ పెరుషే, జార్జ్ గల్లెగో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో దీనికి మరో జవాబిచ్చారు. దారి మొత్తాన్నీ కుక్క బేరీజు వేయనక్కర్లేదు. పరుగెడుతుంటే బంతి ఎంత వేగంగా దగ్గరపడుతోందో గమనిస్తే చాలు. మొదట్లో బాగా దగ్గరపడుతుంది, ఎదురుగా వచ్చేకొద్దీ ఆ జోరు తగ్గుతుంది. అది ఈత వేగానికి పడిపోయిన క్షణాన దూకేయాలి. లెక్క వేసి చూస్తే ఆ క్షణం వచ్చేదీ 1.44 మీటర్ల దగ్గరే. ముందుచూపు లేని పద్ధతీ, దారంతా తూచే పద్ధతీ ఒకే చోట దూకిస్తున్నాయన్నమాట. దూకిన చోటు చూసి కుక్క బుర్రలో ఏం జరిగిందో చెప్పలేం.

రెంటినీ విడదీయాలంటే కుక్కను నీటిలోనే నిలబెట్టి, బంతిని ఒడ్డుకు సమాంతరంగా నీటిలోకే విసరాలి. పెన్నింగ్స్, రోలండ్ మింటన్ కలిసి 2007లో ప్రచురించిన వ్యాసంలో ఉన్నది ఇదే. బంతి కొద్దిదూరంలో పడితే నేరుగా ఈదడమే మేలు. ఎల్విస్ వేగాలతో లెక్కేస్తే, ఒడ్డు ఎంత దూరంలో ఉందో దానికి సుమారు 2.3 రెట్లు దాటి బంతి పడినప్పుడు, ముందు ఒడ్డుకు ఈది, ఇసుక మీద పరుగెత్తి, మళ్లీ నీటిలో దూకడమే తొందరగా అవుతుంది. క్షణక్షణం బంతి దగ్గరపడాలని మాత్రమే చూసే కుక్క ఈ చుట్టుదారి ఎన్నటికీ పట్టదు. ఎల్విస్ మాత్రం బంతి దగ్గర్లో పడితే ఈదుకుంటూ పోయి, బాగా దూరంగా పడితే ఒడ్డుకెక్కి పరుగెత్తింది.