హెల్మెట్ సగమే చేయండి.. మధ్య గీతను వదలకండి!

కొన్నేళ్ల కిందట ఓ చిన్న గేమ్ స్టూడియోలో త్రీడీ మోడలింగ్ టెస్ట్ రాశాను. సైన్స్ ఫిక్షన్ హెల్మెట్ ఒకటి బ్లెండర్‌లో బ్లాకౌట్ చేసి, అంటే వివరాల జోలికి పోకుండా పెద్ద ఆకారాలు మాత్రమే నిలబెట్టి పంపాలి. ఎదురు నుంచి తీసిన రెండర్ అదిరిపోయింది. ఇంటర్వ్యూలో సీనియర్ ఆర్టిస్టు ఫైల్ తెరిచి, మోడల్‌ను కొంచెం పక్కకు తిప్పారు. ‘అద్దం మధ్యలో ఈ గోడేంటమ్మా?’ అన్నారు. నిజంగానే వైజర్ గుంటలో నిలువునా పల్చటి రేకు ఒకటి నిలబడి ఉంది. ఎదురు నుంచి చూస్తే కనపడదు. ఆ ఉద్యోగం రాలేదు కానీ, ఆ గోడ ఎందుకొచ్చిందో మాత్రం బాగా బుర్రకెక్కింది.

ముందు కొలతలు

క్యూబ్ పెట్టి Ctrl+2 నొక్కండి. సబ్‌డివిజన్ మాడిఫయర్ వచ్చి అది గుండ్రంగా మారుతుంది. దాన్ని అప్లై చేస్తే 96 ముఖాల బంతి చేతికొస్తుంది. మనిషి తల సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు, 23 ఎత్తు ఉంటుంది కాబట్టి హెల్మెట్‌కి వెడల్పు 0.26, పొడవు 0.32, ఎత్తు 0.30 మీటర్లు ఇస్తే సరిపోతుంది. N నొక్కితే వచ్చే ప్యానెల్లో `Dimensions` దగ్గర ఈ అంకెలు వేయండి. వెంటనే Ctrl+A నొక్కి `Scale` ఎంచుకోండి. ఇది మరిస్తే, తర్వాత వేసే బెవెల్ ఒక వైపు లావుగా, మరో వైపు సన్నగా వస్తుంది. స్కేల్ మూడు గడుల్లోనూ 1.000 కనిపిస్తే పని సవ్యంగా జరిగినట్టే. మెడ పట్టేందుకు అడుగు ముఖాలు తీసేయండి.

సగం కోసి, అద్దం పెట్టి

ఎదురు వ్యూలో Alt+Z నొక్కి, మధ్య గీత మీది బిందువులను ముట్టుకోకుండా ఎడమ సగం తొలగించండి. మిర్రర్ మాడిఫయర్ వేస్తే ఆ సగం తిరిగొస్తుంది. నా పొరపాటు సరిగ్గా ఇక్కడే. అందులో `Clipping` అనే గడి మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే మధ్య బిందువులు గీత దాటవు. అంతేకాదు, ముఖాలను లోపలికి తోసినప్పుడు ఆ గీత మీద గోడ లేవదు.

ఇప్పుడు వైజర్. కళ్ల ఎత్తులోని రెండు వరసల ముఖాలు ఎంచుకుని, I నొక్కి, 8 మిల్లీమీటర్ల ఇన్‌సెట్ ఇవ్వండి. ఆ సమయంలోనే B నొక్కాలి. లేదంటే మధ్య గీత పక్కన కూడా అంచు పడి, అద్దం రెండు కిటికీల్లా చీలిపోతుంది. తర్వాత E నొక్కి ఒక సెంటీమీటరు లోపలికి తోయండి. నేను ఈ తోపుడు `Clipping` లేకుండా చేశాను. గోడ లేచింది. తర్వాత ఆన్ చేసినా పాత గోడ పోదు, చేత్తో తొలగించాల్సిందే.

కనిపెట్టడం సులువే. మిర్రర్‌ను కాసేపు దాచి, కోసిన వైపు నుంచి చూడండి. కొబ్బరి చిప్పలా లోపలంతా బోలుగా ఉండాలి. గీత మీద ఎక్కడైనా రేకు అడ్డంగా కనిపిస్తే అదే దొంగ.

ప్యానెల్ గాడి, బెవెల్ లెక్క

నుదుటి మీదుగా అడ్డంగా వెళ్లే అంచులను ఎంచుకుని Ctrl+B తో 3 మిల్లీమీటర్ల పట్టీగా చేయండి. Alt+E లో `Extrude Faces Along Normals` తో అంతే లోతుకు దించితే ప్యానెల్ గాడి తయారు. ఇది కూడా మధ్య గీతను దాటుతుంది కాబట్టి, కొబ్బరి చిప్ప పరీక్ష మళ్లీ చేయండి.

చివర్లో, మిర్రర్‌కి కింద, బెవెల్ మాడిఫయర్ వేయండి. అందులో మొదట ఉండే విలువ 0.1, అంటే 10 సెంటీమీటర్లు. మన హెల్మెట్‌కి అది మరీ ఎక్కువ. గాడి వెడల్పు 3 మిల్లీమీటర్లు, దాని రెండు అంచులూ గుండ్రబడాలి కాబట్టి ఒక్కోదానికి 1.5 లోపే చోటుంది. 0.001 ఇచ్చి, సెగ్మెంట్లు 2 పెట్టండి. అంకె పెంచుతున్నా బెవెల్ పెరగడం లేదంటే `Clamp Overlap` ఆపేస్తోందన్నమాట. ఎక్కడో ఒక ఇరుకు చోటు ఉంటే చాలు, మొత్తం హెల్మెట్ బెవెల్ అక్కడికే ఆగిపోతుంది. దాన్ని ఆఫ్ చేయడం మందు కాదు, అంచులు ఒకదాన్నొకటి దాటి చిక్కుపడతాయి. ఆ ఇరుకు వెతికి వెడల్పు చేయండి. గుండ్రటి వంపుల మీద కూడా అక్కర్లేని బెవెల్ పడుతుంటే, యాంగిల్‌ను 30 నుంచి 40 డిగ్రీలకు పెంచి చూడండి.

మిర్రర్‌ను అప్పుడే అప్లై చేయొద్దు. ఒక చెవి వైపే యాంటెన్నా పెట్టాలంటే దాన్ని వేరే ఆబ్జెక్టుగా చేయండి. టెస్ట్ పంపే ముందు మాత్రం, ఎదురు నుంచి ఒక్క రెండర్‌తో సరిపెట్టకుండా, ముప్పావు కోణంలో ఇంకొకటి తీసి మీరే ముందు చూసుకోండి. ఆ పని నేను చేసుంటే గోడ నాకే కనిపించేది.