మళ్లీ మళ్లీ మూత్రంలో మంట: అదే క్రిమా, కొత్తదా?

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లు పొద్దున పనిలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళ దాకా లేవడానికి ఇష్టపడరు. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. చాలాచోట్ల దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదు. అందుకని నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. మూత్రంలో మంట మొదలైతే చేతులకు అంటిన కారం వల్లేనేమో అనుకుంటారు, లేదంటే వేడి చేసిందంటారు. మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగి రెండు రోజులు చూస్తారు. తగ్గకపోతే మెడికల్ షాపుకు మనిషిని పంపి మాత్రలు తెప్పించుకుంటారు.

అక్కడ పనిచేసే 56 ఏళ్ల ఒక ఆవిడను ఉదాహరణగా తీసుకుందాం. ఎనిమిదేళ్ల కిందట ముట్లు ఆగిపోయాయి. షుగరుకు మాత్రలు వాడుతోంది. జనవరి 20న మంట, పదేపదే మూత్రానికి వెళ్లాల్సి రావడం మొదలైంది. షాపులో ఇచ్చిన ఆరు యాంటీబయాటిక్ మాత్రల్లో నాలుగు వేసుకుంది, తగ్గింది, మిగతావి డబ్బాలో దాచింది. ఫిబ్రవరి 14న మళ్లీ అదే బాధ. ఊళ్లో ఇంజక్షన్ చేయించుకుంది. మార్చి 30న మూడోసారి వచ్చింది. ఈసారి పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్తే మందు రాయడానికి ముందు యూరిన్ కల్చర్ చేయించమన్నారు.

ఆరు నెలల్లో రెండుసార్లు గానీ ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ కింద లెక్కపెట్టాలి. అక్కడి నుంచి అడగాల్సిన ప్రశ్న మారుతుంది. ఏ మాత్ర వేసుకోవాలి అన్నదానికంటే ముందు, పాత క్రిమే లోపల దాక్కుని బయటికొస్తోందా, లేక ప్రతిసారీ కొత్త క్రిమి ఎక్కుతోందా అన్నది తేలాలి. ఈ రెండింటికీ దారులు వేరు. అది తేల్చేవి రెండే: ఎన్నాళ్లకు తిరిగొచ్చింది, కల్చర్‌లో ఏం పెరిగింది. మన దగ్గర చాలామంది ఆడవాళ్ల చేతిలో ఈ రెండూ ఉండవు, ఖాళీ మాత్రల అట్టలే ఉంటాయి. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది అదే.

మామూలు యూరిన్ పరీక్షలో చీము కణాలు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలియాలంటే కల్చర్ కావాలి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. శాంపిల్ సరిగ్గా ఇవ్వకపోతే ఆ డబ్బు, ఆ రోజులు వృథా. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. ముందు ఆ చోటు మంచినీళ్లతో కడుక్కోవాలి. ఒక చేత్తో పెదవులు ఎడం చేసి పట్టుకుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టాలి. డబ్బా లోపల వేలు తగలకూడదు. గంటలోపు ల్యాబ్‌కు చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండలో బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసిన డబ్బాలో క్రిములు వాటంతటవే పెరిగిపోతాయి. రిపోర్టులో మూడు నాలుగు రకాల క్రిములు కలిసి పెరిగాయని వస్తే సాధారణంగా శాంపిల్ కలుషితమైందని అర్థం. దాన్ని చూసి మందు వాడకుండా మళ్లీ ఇవ్వడమే మంచిది.

మార్చి 30 రిపోర్టులో ఈ-కోలి అనే క్రిమి పెరిగింది. ఎక్కువ మందిలో కనిపించేది ఇదే. మన పేగుల్లోనే ఉంటుంది. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే కాబట్టి మలద్వారం దగ్గర నుంచి తేలిగ్గా మూత్రాశయంలోకి పాకుతుంది. రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్, ఆర్ అని అక్షరాలుంటాయి. ఎస్ ఉంటే ఆ మందు పనిచేస్తుందని, ఆర్ ఉంటే క్రిమి దానికి లొంగదని. ఆవిడ రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ పక్కన ఆర్ ఉంది. నైట్రోఫ్యూరాంటోయిన్ పక్కన ఎస్ ఉంది. క్రియాటినిన్ చూసి కిడ్నీలు బాగానే ఉన్నాయని నిర్ధారించుకున్నాక, ఆ మందు 100 మిల్లీగ్రాములది రోజుకు రెండుసార్లు ఐదు రోజులు రాశారు. ఇది మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్‌కు మంచి మందు. కిడ్నీ దాకా ఎక్కిన ఇన్ఫెక్షన్‌కు మాత్రం పనికిరాదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకూ వాడరు. మంట తగ్గింది. బాధ పోయాక మళ్లీ కల్చర్ అక్కర్లేదని కూడా చెప్పారు.

జూన్ 2న నాలుగోసారి వచ్చింది. ఈసారి కల్చర్‌లో పెరిగింది ఈ-కోలి కాదు, క్లెబ్సియెల్లా. ఆ రిపోర్టులో ఎస్ ఉన్న మందుతో అది తగ్గింది. పాత క్రిమి పోయింది, రెండు నెలల తర్వాత వేరేది వచ్చింది అంటే మార్చిలో వాడిన మందు పని చేసినట్టే. తలుపు మాత్రం తెరిచే ఉంది. ఇక్కడ మరింత బలమైన యాంటీబయాటిక్‌తో ఒరిగేదేమీ లేదు.

తలుపు ఎందుకు తెరుచుకుందో చూడ్డానికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేశారు. మూత్రానికి వెళ్లొచ్చాక మళ్లీ ఒకసారి చూసి, లోపల ఎంత మిగిలిందో కొలిచారు. స్కానింగ్‌కు వెళ్లినప్పుడు ఈ రెండో కొలత కూడా రాయమని అడగాలి. ఆవిడకు 40 మిల్లీలీటర్లు మిగిలింది, అది పెద్దదేమీ కాదు. 150 దాటితే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కావడం లేదని ఆలోచించాలి. గర్భసంచి జారినవాళ్లలో, చాలా ఏళ్లుగా షుగరు ఉండి నరాలు మొద్దుబారినవాళ్లలో అలా అవుతుంది. నిలిచిన మూత్రంలో క్రిములు ఎన్ని మందులు వాడినా మళ్లీ పెరుగుతాయి. ఆవిడకు రాళ్లు కూడా లేవు. మూడు నెలల సగటు షుగరు మాత్రం 9.2 ఉంది.

తర్వాత లేడీ డాక్టరు పరీక్షించి చూస్తే యోని పొర పలుచబడి, పాలిపోయి, పొడిబారి ఉంది. అసలు కారణం అక్కడ దొరికింది. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. అది ఉన్నంతకాలం యోనిలో లాక్టోబాసిల్లై అనే మేలు చేసే క్రిములు ఉంటాయి. అవి ఆ చోటును పుల్లగా ఉంచి ఈ-కోలి లాంటివాటిని నిలవనివ్వవు. హార్మోన్ పోతే అవీ పోతాయి, పేగుల క్రిములు అక్కడ కాపురం పెడతాయి.

దీనికి మందు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. 1993లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ క్రీము వాడినవాళ్లకు ఏడాదికి సగటున 0.5 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, ఉత్తుత్తి క్రీము వాడినవాళ్లకు 5.9 సార్లు వచ్చింది. ఇంత తేడా చూపించే మందు మన దగ్గర ఎంతమందికి రాస్తున్నారు? హార్మోన్ అనగానే క్యాన్సర్ భయం, అక్కడ రాసుకోవడమంటే సిగ్గు, ఆ మాట ఎత్తడానికి డాక్టరుకూ మొహమాటం. క్రీములోది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ఆ డాక్టరును అడక్కుండా వాడకూడదు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి పది రోజులకే మానేయకూడదు.

అలవాట్లలో గట్టి రుజువున్నది నీళ్లకే. రోజుకు లీటరున్నర కంటే తక్కువ తాగుతూ, ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తున్న 140 మంది ఆడవాళ్లపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. వాళ్లంతా ఇంకా ముట్లు వస్తున్నవాళ్లే. సగం మందిని రోజూ అదనంగా లీటరున్నర తాగించారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు వస్తే, తాగించనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. తొడిమలు తీసే చోట అదనంగా లీటరున్నర తాగమంటే, దానికి తగ్గ మరుగుదొడ్డి కూడా అక్కడ ఉండాలి. ఆ బాధ్యత పని ఇచ్చేవాళ్లది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమన్నవాళ్లు ఇలా పెంచకూడదు. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లడం, ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం మంచివే, కానీ వీటికి అంత రుజువు లేదు. అవి పాటించలేదు కాబట్టే జబ్బు వచ్చిందని ఏ ఆడదాన్నీ నిందించకూడదు. సబ్బులు, సువాసన ద్రవాలతో లోపల కడుక్కోవడం మాత్రం మానేయాలి, అవి మేలు చేసే క్రిములనే తీసేస్తాయి.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ. 34 ఏళ్ల ఆవిడకు మందు ఆపిన పది రోజులకల్లా మంట తిరిగొస్తోంది. మూడు కల్చర్లలోనూ ప్రోటియస్ అనే ఒకే క్రిమి. మందు పక్కన ఎస్ ఉంది, వాడినప్పుడు తగ్గుతోంది కూడా. రెండు వారాల్లోపు అదే క్రిమి తిరిగొస్తే అది లోపలెక్కడో దాక్కుందని అనుమానించాలి. ప్రోటియస్ మూత్రాన్ని క్షారంగా మార్చి ఒక రకం రాళ్లను తయారుచేస్తుంది, ఆ రాళ్లలోనే కాపురముంటుంది. రాయి లోపలికి యాంటీబయాటిక్ చేరదు. స్కానింగ్‌లో రాయి కనిపిస్తే దాన్ని తీయించేదాకా ఈ రాకపోకలు ఆగవు.

మంట ఉండి, చీము కణాలు ఉండి, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగడం లేదంటే అదీ వదిలేయకూడదు. మన దేశంలో మూత్రనాళాల టీబీ ఇలాగే బయటపడుతుంది. మామూలు కల్చర్‌లో టీబీ క్రిమి పెరగదు, విడిగా పరీక్ష చేయించాలి. దురద, పెరుగులాంటి తెల్లబట్ట ఉంటే అది ఫంగస్ కావచ్చు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే షుగరు మాత్రలు వాడేవాళ్లలో ఇది ఎక్కువ. యాంటీబయాటిక్ వేస్తే ఫంగస్ ఇంకా పెరుగుతుంది.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. మంట లేదు, జ్వరం లేదు, ఏదో చెకప్‌లో కల్చర్ పాజిటివ్ వచ్చిందని మందులు వాడడం. షుగరు ఉన్నవాళ్లయినా, వయసు మళ్లినవాళ్లయినా బాధ లేనప్పుడు దానికి మందు అక్కర్లేదు. వాడితే మొండి క్రిములు మిగులుతాయి. గర్భిణుల విషయం వేరు. వాళ్లకు బాధ లేకపోయినా వైద్యం చేయాలి, లేకపోతే కిడ్నీకి పాకే ప్రమాదం ఉంది.

మిర్చి పని చేసే ఆవిడ క్రీము వాడుతూ, షుగరు దించుకుంటూ, పనికి రెండు లీటర్ల సీసా తీసుకెళ్తోంది. అయినా మళ్లీ మళ్లీ వస్తే మెథనమైన్ అనే మాత్ర ఉంది. అది యాంటీబయాటిక్ కాదు. మూత్రంలో విడిపోయి క్రిములను పెరగనివ్వదు. తక్కువ మోతాదులో యాంటీబయాటిక్‌ను నెలల తరబడి వాడడం ఆ తర్వాతి మాట. చలితో జ్వరం, డొక్కలో నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ తగ్గిపోయాక కూడా మూత్రంలో రక్తం కనిపిస్తుంటే, ముఖ్యంగా ఆవిడ వయసువాళ్లలో, మరో యాంటీబయాటిక్ అడగకుండా యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, కెమెరాతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీ అవసరమేమో అడగాలి.