రష్యన్ ప్రశ్నావళికి తెలుగు అనువాదం: ప్రత్యనువాదం చూపే దోషాలు, దాచే దోషాలు

వ్యాససంగ్రహం:
రష్యన్ ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చినప్పుడు అర్థం మారిందో లేదో తెలుసుకోవడానికి ప్రత్యనువాదం, రెండవ సమీక్షకుని పరిశీలన అనే పద్ధతులు ఉన్నాయి. ఇవి వేర్వేరు దోషాలను పట్టుకుంటాయని, ఒకటి ఉంటే మరొకటి అక్కరలేదనుకోవడం సరికాదని ‘సాన్’ ప్రశ్నావళిలోని రెండు పదాల జంటల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రశ్నావళి, రష్యన్, ప్రత్యనువాదం, సమీక్ష, అర్థభేదం.

1.0 ప్రవేశిక:
‘సాన్’ ప్రశ్నావళి రష్యన్ భాషలో 1973లో వెలువడింది. సమచూస్త్వియె (ఒంటి స్థితి), అక్తీవ్నస్త్ (చురుకుదనం), నస్త్రయేనియె (మనఃస్థితి) అనే మూడు మాటల మొదటి అక్షరాలతో దానికి ఆ పేరు వచ్చింది. ఇందులో పరస్పరం వ్యతిరేకమైన పదాల జంటలు 30 ఉంటాయి. ఒక్కొక్క అంశానికి 10 జంటలు. జవాబు చెప్పేవారు ఆ క్షణంలో తమ స్థితి ఏ పదానికి ఎంత దగ్గరగా ఉందో 7 మెట్ల కొలమానం మీద గుర్తిస్తారు. అనుకూల పదానికి పూర్తిగా దగ్గరైతే 7, ప్రతికూల పదానికైతే 1.

ధవళేశ్వరం దగ్గర గోదావరిలో ఇసుక తీసే పడవ కార్మికుల అలసటను కొలవడానికి ఒక పరిశోధకుడు ఈ ప్రశ్నావళిని అనువదిస్తున్నాడనుకుందాం. ఈ సందర్భం ఉదాహరణకోసం ఊహించినది. పదాలు మాత్రం ప్రశ్నావళిలోనివే.

2.0 ప్రత్యనువాదం పట్టుకునే దోషం:
ప్రత్యనువాదంలో ఒకరు రష్యన్ నుండి తెలుగులోకి అనువదిస్తారు. మూలాన్ని చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి రష్యన్‌లోకి మారుస్తారు. తరువాత రెండు రష్యన్ పాఠాలను పక్కపక్కన పెట్టి పోలుస్తారు.

9వ జంట ‘మెద్లీతెల్నీ – బీస్త్రీ’. మొదటి పదానికి మందకొడిగా ఉండటమని, రెండవదానికి వేగమని అర్థం. అనువాదకుడు మొదటిదాన్ని ‘నెమ్మదిగా ఉన్నాను’ అని రాశాడనుకుందాం. నిఘంటువు ప్రకారం తప్పులేదు. కానీ తెలుగులో జ్వరం తగ్గినవారు కూడా ‘ఇప్పుడు నెమ్మదిగా ఉంది’ అంటారు. ప్రత్యనువాదంలో ఆ వాక్యం ‘స్పకోయ్నీ’ (ప్రశాంతం) అని తిరిగివస్తుంది. ఆ పదం 23వ జంటలో, మనఃస్థితి అంశం కింద ముందే ఉంది. ఒకే మాట రెండు చోట్ల కనబడగానే అర్థం జరిగిపోయిందని తెలుస్తుంది.

దీన్ని వదిలేస్తే జరిగే నష్టాన్ని లెక్కవేయవచ్చు. చురుకుగా ఉన్న కార్మికుడు 6 దగ్గర గుర్తించవలసింది, ‘నెమ్మది’ని మంచిమాటగా తీసుకొని 2 దగ్గర గుర్తిస్తాడు. 10 జంటల సగటులో ఈ ఒక్కటే 0.4 తగ్గిస్తుంది. విద్యార్థుల మీద లెక్కించిన మూడు అంశాల సగటులు 5.4, 5.0, 5.1. వాటి మధ్య ఉన్న గరిష్ఠ భేదం కూడా అంతే.

3.0 ప్రత్యనువాదం దాచే దోషం:
7వ జంట ‘రబొతస్పసోబ్నీ – రజ్బీతీ’. మొదటిది పని చేయగల స్థితి. ‘రజ్బీతీ’కి మాటకు మాట అర్థం పగిలినది, విరిగినది. మనిషి విషయంలో ఒంట్లో సత్తువ లేకుండా పోవడమని అర్థం. దాన్ని ‘విరిగిపోయి ఉన్నాను’ అని రాస్తే, ప్రత్యనువాదకుడు రష్యన్ నుడికారం బాగా తెలిసినవాడు గనుక అక్కడ ఉండవలసిన పదాన్ని ఊహించి మళ్ళీ ‘రజ్బీతీ’ అనే రాస్తాడు. రెండు రష్యన్ పాఠాలూ అచ్చంగా సరిపోతాయి. తెలుగు వాక్యం చదివిన కార్మికుడు మాత్రం ఎముక విరగడం గురించి అడుగుతున్నారనుకుంటాడు.

ఈ ప్రమాదాన్ని రిచర్డ్ బ్రిస్లిన్ 1970లోనే గుర్తించారు. నిజానికి సమానార్థకాలు కాని పదాలను అనువాదకులిద్దరూ ఒకే అలవాటుతో జత చేయవచ్చు. ప్రత్యనువాదకుడు పేలవమైన అనువాదం నుండి కూడా సరైన అర్థాన్ని రాబట్టవచ్చు. అనువాదంలో మూలభాష వాక్యనిర్మాణమే మిగిలిపోతే తిరిగి మార్చడం తేలికవుతుంది. అంటే లక్ష్యభాష ఎంత కృత్రిమంగా ఉంటే పోలిక అంత చక్కగా కుదిరే అవకాశం ఉంది.

4.0 రెండవ సమీక్షకుడు:
ఈ దోషాన్ని పట్టుకోవడానికి రెండు అనువాదాల్లోనూ పాలుపంచుకోని, రెండు భాషలూ తెలిసిన సమీక్షకుడు కావాలి. అతడు పాటించవలసిన క్రమం ముఖ్యం. మొదట తెలుగు పాఠాన్ని ఒంటరిగా చదివి, ప్రతి వాక్యం తనకు ఏ అర్థమిచ్చిందో రాసుకోవాలి. ఆ తరువాతే రష్యన్ మూలాన్ని తెరవాలి. మూలాన్ని ముందే చూస్తే అతడు కూడా ప్రత్యనువాదకునిలాగే లోపాన్ని తన జ్ఞానంతో పూడ్చేస్తాడు.

సమీక్షకుడు ‘విరిగిపోయి’ బదులు ‘ఒళ్ళు హూనమైంది’ అని సూచించాడనుకుందాం. సవరించిన వాక్యాన్ని మళ్ళీ ప్రత్యనువాదానికి పంపితే ‘ఇజ్ముచెన్నీ’ (అలసి సొలసిన) అని రావచ్చు. మాట కలవలేదు, భావం కలిసింది. కాబట్టి దీన్ని ఆమోదించాలి. 9వ జంటలో ‘మందకొడిగా ఉన్నాను’ అన్న సవరణకూ ఇదే పరీక్ష. ప్రతి వాక్యానికి మూలం, అనువాదం, ప్రత్యనువాదం, అభ్యంతరం, తుది నిర్ణయం, దాని కారణం ఒకే పట్టికలో నమోదు చేస్తే తరువాతి పరిశోధకులు ఆ నిర్ణయాన్ని తిరిగి పరిశీలించగలుగుతారు.

5.0 ముగింపు:
ప్రత్యనువాదంలో తేడా కనబడితే అది విచారించవలసిన చోటు మాత్రమే. తేడా లేకపోవడం అనువాదం సరైనదనడానికి రుజువు కాదు. సమీక్షకుడు చదువుకున్న ద్విభాషి కావడం వల్ల అతనికి సహజంగా తోచిన మాట పడవ కార్మికునికి అలా తోచకపోవచ్చు. అందువల్ల తుది పాఠాన్ని కొందరు కార్మికులకు చదివి వినిపించి, ప్రతి వాక్యాన్నీ వారి సొంత మాటల్లో తిరిగి చెప్పించుకున్న తరువాతే క్షేత్రసేకరణ మొదలుపెట్టాలి.